ఆలస్యం కబురు చెప్పే మెయిలు: అర్జీ భాష వదిలి ఆప్యాయంగా ఎలా రాయాలి

గద్వాల, నారాయణపేట నుంచి చీరలు పంపేవాళ్లు బయటి ఊళ్ల దుకాణదారులతో ఫోనులో ఎంతో చక్కగా మాట్లాడతారు. బాకీ సంగతి అడిగినా, సరుకు ఆలస్యమైందని చెప్పినా మాటలో మర్యాద ఉంటుంది, విషయమూ ఉంటుంది. అదే సంగతి మెయిలులో పెట్టాల్సి వచ్చేసరికి తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చుని రాయించుకున్న అర్జీలా తయారవుతుంది. రాసినవారికి చదువు తక్కువై అలా జరగదు. గౌరవంగా ఉండాలన్న తపనతోనే రాస్తారు. కానీ అందుకున్నవారికి అందులో గౌరవమూ కనిపించదు, కావలసిన సమాచారమూ దొరకదు.

అన్ని రకాల మెయిళ్ల జోలికీ పోకుండా ఇక్కడ ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. చెప్పిన తేదీకి సరుకు పంపలేకపోతున్నామని చెప్పే మెయిలు ఇది. అలంకారాలు ఎక్కువగా చేరేది దీనిలోనే. చెడు కబురు చెప్పడానికి మొహమాటపడినప్పుడే మనం పెద్ద పెద్ద మాటల వెనక్కి వెళ్తాం.

గద్వాలలో చీరలు నేయించే ఒకరి దగ్గర లెక్కలు చూసే కుర్రవాడు నల్లగొండలోని ఒక బట్టల దుకాణం యజమానురాలికి రాసిన మెయిలు అనుకోండి. నమూనా కోసం ఆమెను సుజాత గారు అందాం.

*విషయం: మనవి*

*గౌరవనీయులైన యజమానురాలి గారి దివ్యసముఖమునకు,*

*నమస్సుమాంజలులతో వ్రాయునది ఏమనగా, భగవదనుగ్రహం వలన తమరు, తమ కుటుంబ సభ్యులు ఆయురారోగ్య ఐశ్వర్యాలతో వర్ధిల్లుతున్నారని ఆశిస్తున్నాము. తమతో మాకు గల చిరకాల అనుబంధం మాకెంతో గర్వకారణమని సవినయంగా తెలియజేసుకుంటున్నాము. తమరి ఆర్డరు స్వీకరించడం జరిగినది. సదరు ఆర్డరుకు సంబంధించి, ఇటీవలి ప్రతికూల వాతావరణ పరిస్థితుల దృష్ట్యా కొంత జాప్యం ఏర్పడడం జరిగినది. కొన్ని చీరలు సిద్ధం చేయబడినవి. మిగిలినవి వీలైనంత త్వరలో పంపబడును. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. తమరు సహృదయంతో అన్యథా భావించక సహకరించగలరని, తగు విధంగా తెలియజేయగలరని ప్రార్థన.*

*ఇట్లు, సదా తమ సేవలో, తమ విధేయుడు.*

ముందు మగ్గాల దగ్గరికి వెళ్లండి

ఇలాంటి మెయిలు చేతికి వచ్చినప్పుడు చాలామంది వెంటనే మాటలు మార్చడం మొదలుపెడతారు. 'జాప్యం' తీసి 'ఆలస్యం' పెడతారు, 'తమరు' తీసి 'మీరు' పెడతారు. అలా చేస్తే తేలిక మాటల్లో రాసిన అదే ఖాళీ మెయిలు మిగులుతుంది. ఇంకోసారి చదివి చూడండి. కొన్ని చీరలు అంటే ఎన్ని? త్వరలో అంటే ఏ రోజు? 'తగు విధంగా తెలియజేయగలరు' అంటే ఆమె తెలియజేయాల్సింది ఏమిటి? ఇవేవీ ఇందులో లేవు. ఈ లోటు కనపడకుండా కప్పడమే ఆ అలంకారాలు చేస్తున్న పని.

కాబట్టి మొదటి పని కాగితం మీద కాదు, మగ్గాల దగ్గర. నేయించేవారిని అడిగి నాలుగు సంగతులు రాసుకోండి: ఏం అనుకున్నాం, ఇప్పుడు ఏం ఉంది, మిగతాది ఎప్పుడు ఇవ్వగలం, ఆమె నుంచి మనకు ఏ జవాబు కావాలి. మన నమూనాలో అడిగితే ఇలా తేలింది. ఆర్డరు 24 చీరలు, ఆగస్టు 5కి ఇస్తామన్నారు. 16 సిద్ధంగా ఉన్నాయి. జూలై చివరి వానలకు రెండు గుంట మగ్గాల్లోకి నీరు చేరి పని ఆగింది. ఆగస్టు 3 నుంచి మళ్లీ నేత మొదలైంది. ఒక్కో మగ్గం మీద ఇంకా నాలుగు చీరలు నేయాలి, ఒక్కో చీరకు నాలుగు రోజులు పడుతుంది. అంటే 18వ తేదీకి నేత పూర్తవుతుంది. మడతపెట్టి పార్సిల్ కట్టి పంపడానికి రెండు రోజులు వేసుకుంటే 20కి నల్లగొండ చేరతాయి.

ఈ లెక్క వేసిన తర్వాతే 'వీలైనంత త్వరలో' అనే మాట దానంతటదే రాలిపోతుంది. లెక్క వేయకుండా ఆ మాటను కొట్టేస్తే దాని స్థానంలో 'అతి త్వరలో' వచ్చి కూర్చుంటుంది.

తేదీ కచ్చితంగా తెలియని సందర్భమూ ఉంటుంది. నీరు ఇంకా తోడుతూనే ఉన్నారు, ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. అప్పుడు సరుకు తేదీకి బదులు కబురు తేదీ ఇవ్వండి: 'మగ్గాలు ఎప్పుడు మొదలవుతాయో ఇంకా తెలియదు. సోమవారం సాయంత్రంలోపు మీకు తేదీ చెబుతాను.' ఇలా చెప్పినవారు సోమవారం తప్పకుండా చెప్పాలి, తేదీ ఇంకా తేలకపోయినా సరే.

'జరిగింది', 'బడింది' ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి

రెండో పని రెండు మాటల వేట. మన ఆఫీసు తెలుగును అన్నిటికన్నా ఎక్కువగా పట్టి పీడిస్తున్నవి ఈ రెండే. ఒకటి 'స్వీకరించడం జరిగింది', 'పంపడం జరిగింది' తరహా వాక్యం. రెండోది 'సిద్ధం చేయబడినవి', 'పంపబడును' తరహా వాక్యం. రెండింటిలోనూ పని ఉంటుంది, చేసిన మనిషి ఉండడు. ఎవరు స్వీకరించారు? ఎవరు పంపుతారు? దుకాణం నడిపే మనిషికి సరుకు ఎంత ముఖ్యమో, దానికి జవాబు చెప్పే మనిషి కూడా అంతే ముఖ్యం.

కంప్యూటర్‌లో రాస్తుంటే 'జరిగి' అని ఒకసారి, 'బడ' అని ఒకసారి వెతకండి. దొరికిన ప్రతిచోటా 'ఎవరు?' అని అడిగి, ఆ మనిషిని వాక్యంలో కూర్చోబెట్టండి. 'ఆర్డరు స్వీకరించడం జరిగినది' అన్నది 'మీ ఆర్డరు మాకు అందింది' అవుతుంది. 'మిగిలినవి పంపబడును' అన్నది 'మిగతావి నేను 19న పంపిస్తాను' అవుతుంది. ఈ రెండో వాక్యం రాయడానికి కాస్త ధైర్యం కావాలి. అందులో 'నేను' ఉంది, తేదీ ఉంది. చదివేవారికి నమ్మకం కలిగేది అక్కడే.

అయితే 'జరిగింది' కనిపించిన ప్రతిచోటా కొట్టేయకండి. పెళ్లి జరిగింది, పొరపాటు జరిగింది అనేవి చక్కని తెలుగు వాక్యాలు. గుర్తు పట్టడం సులువే. 'జరిగింది'కి ముందున్న మాట 'డం'తో ముగిస్తే మార్చండి, లేకపోతే వదిలేయండి. 'జాప్యం ఏర్పడడం జరిగినది' అనే వాక్యంలోనైతే అవసరం లేనివి రెండున్నాయి. 'ఆలస్యమైంది' అంటే సరిపోయే చోట ఏర్పడింది, మళ్లీ జరిగింది. అలాగే చేసిన మనిషి ఎవరో తెలియనప్పుడు, తెలిసినా అవసరం లేనప్పుడు మనిషిని బలవంతంగా తేనక్కరలేదు. 'పార్సిల్ దారిలో తడిసింది' అంటే చాలు.

మర్యాద ఎక్కడ ఉందో చూసుకుని మిగతాది తీసేయండి

ఇక్కడే చాలామంది వెనకాడతారు. 'దివ్యసముఖం', 'సవినయంగా', 'ప్రార్థన' తీసేస్తే పెద్దవారిని ఏకవచనంలో పిలిచినట్టు అవుతుందేమోనని భయం. తెలుగులో ఆ భయం అక్కరలేదు. మన భాషలో మర్యాద క్రియలోనే ఉంది. 'మీరు' అన్నాం, పేరు పక్కన 'గారు' పెట్టాం, 'చెప్పండి' అన్నాం, అంతటితో మర్యాద పూర్తయింది. 'తమరు'తో అదేమీ పెరగదు, దూరం మాత్రం పెరుగుతుంది.

పిలుపుతో మొదలుపెట్టండి. 'యజమానురాలి గారికి' అంటే ఏ దుకాణానికైనా పంపవచ్చు. 'సుజాత గారికి నమస్తే' అంటే ఆమెకే రాసినట్టు. ఫోనులో ఆమెను మీరు చాలా కాలంగా అక్కా అని పిలుస్తుంటే 'సుజాతక్కకు నమస్తే' అనే రాయండి. మెయిలులోకి రాగానే హోదా పెట్టి పిలిస్తే, ఏదో కోపం వచ్చిందని ఆమె అనుకునే ప్రమాదం ఉంది. మొదటిసారి రాస్తున్నప్పుడు, ఆ చనువు లేనప్పుడు మాత్రం గారు తప్పనిసరి.

అడిగే వాక్యం దగ్గర ఇంకొంచెం ఆగుదాం. 'తెలియజేయగలరు', 'పంపగలరు' అనేవి గౌరవంగా వినిపిస్తాయి కానీ తేల్చి చెప్పవు. 'మిగతా డబ్బు పంపగలరు' అంటే పంపమని అడిగినట్టా, పంపగల స్తోమత ఉందని చెప్పినట్టా? 'పంపండి' అంటే స్పష్టంగా ఉంటుంది, తెలిసినవారి మధ్య మర్యాదగానే ఉంటుంది. అది కూడా మరీ సూటిగా ఉందనిపిస్తే మన ఊళ్లలో రోజూ వాడే పద్ధతి ఒకటుంది: 'మీరు చెబితే ఈ రోజే పార్సిల్ వేస్తాను.' ఇందులో అడగడం ఉంది, నిర్ణయం వారిదేనన్న గౌరవం ఉంది, మన వంతు మాట ఇవ్వడమూ ఉంది. వ్యాపార మెయిలులో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం ఇదే. 'దయచేసి' అనే మాటను నిజంగా మేలు అడిగే చోట ఒక్కసారి వాడండి. ప్రతి వాక్యంలో ఉంటే దేనికీ బలం ఉండదు.

డబ్బు మాటలకూ ఇదే వర్తిస్తుంది. బయానా, బాకీ, జమ, రసీదు అని నోటితో అనేవాళ్లం మెయిలులో 'శేష మొత్తము', 'చెల్లింపు ధ్రువపత్రము' అని రాస్తాం. పాలమూరు నుంచి నల్లగొండ దాకా ఏ కొట్లో అయినా బాకీ అంటే తెలియనివారు లేరు. అవే రాయండి.

ఇప్పుడు మెయిలు ఒకసారి పొడిపొడిగా అయిపోతుంది, కంగారుపడకండి

అలంకారాలు తీసేసి, సంగతులు పెట్టాక మెయిలు ఇలా ఉంటుంది: '24 చీరల్లో 16 సిద్ధం. 8 ఆలస్యం. ఆగస్టు 20న వస్తాయి. జవాబు ఇవ్వండి.' స్పష్టంగా ఉంది, కానీ చేతిలో కాగితం విసిరేసినట్టు ఉంది. చాలామంది ఇక్కడ భయపడి పాత మెయిలుకే తిరిగి వెళ్తారు. వెళ్లకండి. ఆప్యాయత చేర్చాల్సిన సమయం ఇదే, అది చేరాల్సిన చోట్లు మూడే.

ఒకటి, ఆమె ఇబ్బంది. 'కలిగిన అసౌకర్యం' అంటే ఎవరికి, ఏ అసౌకర్యం? శ్రావణ మాసంలో పట్టు అంచు చీరలకు గిరాకీ ఉంటుంది, ఆ సమయానికి అరలు నిండుగా లేకపోతే కొనడానికి వచ్చినవారు పక్క దుకాణానికి వెళ్తారు. ఆమె బాధ అది. ఆ ఒక్క సంగతి మీకు తెలుసునని ఒక్క వాక్యంలో చెప్పండి. రెండో వాక్యం రాశారా, మళ్లీ అలంకారం మొదలైనట్టే.

రెండోది, తప్పు ఒప్పుకోవడం. 'చింతిస్తున్నాము' అనేది పూర్వం టీవీలో ప్రసారం ఆగిపోతే తెర మీద వేసే మాట. అందులో మనిషి గొంతు వినపడదు. వాన మన తప్పు కాదు, దానికి క్షమాపణ చెప్పక్కరలేదు. కానీ నీరు చేరిన రోజునే ఆమెకు చెప్పకపోవడం మన తప్పు. ఏది మన చేతిలో ఉండీ చేయలేదో దానికే క్షమాపణ చెప్పండి. 'నీరు చేరిన రోజే మీకు ఫోను చేయాల్సింది, చేయలేదు. క్షమించండి.' ఇంతే. ఇక్కడ ఒక జాగ్రత్త. ధర తగ్గిస్తామనో, నష్టం భరిస్తామనో ఆప్యాయత పేరుతో రాసేయకండి. అది నేయించేవారు ఒప్పుకున్న తర్వాతే మెయిలులోకి రావాలి.

మూడోది, క్షేమ సమాచారం. ఆయురారోగ్య ఐశ్వర్యాలు అందరికీ పంపే మాట కాబట్టి ఎవరికీ చేరదు. ఆమె ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని పోయిన నెల మీతో అన్నారా? అయితే 'నాన్నగారికి ఇప్పుడు ఎలా ఉంది?' అని చివర్లో అడగండి. అలాంటిదేమీ తెలియకపోతే ఏమీ అడగకండి. తెలియని క్షేమం అడగకపోవడం అమర్యాద కాదు. అడిగేదుంటే చివర్లోనే ఎందుకంటే, మొదట్లో కుశలమడిగి ఆ వెంటనే ఆలస్యం కబురు చెబితే, ఆ పలకరింపు పని కోసమే అనిపిస్తుంది.

విషయం గీతను అన్నిటికన్నా చివర రాయండి

మెయిలు పూర్తయ్యాక విషయం గీతకు రండి. ఆమె దాన్ని గిరాకీ మధ్యలో ఫోనులో చూస్తారు. తెర మీద మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. 'మనవి' అంటే ఎప్పుడో తీరిగ్గా చదువుతారు. సంఖ్య, తేదీ అక్కడే ఉంటే మెయిలు తెరవకముందే సగం విషయం చేరిపోతుంది.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది.

*విషయం: మీ 24 చీరలు: 16 సిద్ధం, మిగతా 8 ఆగస్టు 20కి*

*సుజాత గారికి నమస్తే.*

*మీ 24 చీరల్లో 16 సిద్ధంగా ఉన్నాయి. మిగతా 8 అనుకున్నట్టు ఆగస్టు 5కి ఇవ్వలేకపోతున్నాం, అవి 20కి మీకు చేరతాయి. పోయిన వారం వానలకు రెండు మగ్గాల గుంటల్లోకి నీరు వచ్చి పని ఆగింది. 3 నుంచి మళ్లీ నేత మొదలైంది.*

*శ్రావణ మాసం గిరాకీకి అన్ని చీరలూ మీ దగ్గర ఉండాలనుకున్నారని తెలుసు. నీరు చేరిన రోజే మీకు ఫోను చేయాల్సింది, చేయలేదు. క్షమించండి.*

*ఉన్న 16 చీరలు ముందు పంపమంటారా, లేక 24 ఒకేసారి కావాలా? మీరు చెబితే 16 ఈ రోజే ఆర్టీసీ కార్గోలో వేస్తాను. బాకీ మొత్తం చీరలన్నీ అందాకే ఇవ్వండి.*

*నాన్నగారికి ఇప్పుడు ఎలా ఉంది?*

*ఇట్లు,*
*(మీ పేరు, ఫోను నంబరు)*

చెడు కబురు మొదటి రెండు వాక్యాల్లోనే ఉందని గమనించండి. దాన్ని మూడో పేరాకు నెట్టితే చదివేవారు అనుమానంతో చదువుతారు. ఇక కారణం రెండు వాక్యాలు దాటలేదు. గుంట మగ్గం ఎలా ఉంటుందో, నీరు ఎలా తోడారో ఆమెకు అక్కరలేదు. ఆమె నుంచి కావలసిన జవాబు ఒకే ప్రశ్నలో ఉంది, దుకాణంలో నిలబడి ఒక్క మాటలో జవాబివ్వవచ్చు. బాకీ గురించిన వాక్యం మాత్రం నేయించేవారిని అడిగాకే పెట్టాలి.

పంపేముందు గట్టిగా చదవండి, సుజాత గారు ఫోనులో అవతల ఉన్నట్టు. ఏ వాక్యం దగ్గర 'ఇది నేను ఆమెతో ఎప్పుడూ అనను' అనిపిస్తే దాన్ని మార్చండి. ఫోనులో మాట్లాడినట్టే అక్షరం అక్షరం రాయమని కాదు. సగంలో వదిలేసే వాక్యాలు, పదాలు మింగేయడాలు నోటికి బాగుంటాయి, రాతలో తికమక పెడతాయి.

పాత పద్ధతి ఉంచాల్సిన చోట్లు

సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చే అర్జీ, సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తు, వకీలు పంపే నోటీసు వేరు. వాటిలో హోదా, విషయం, ఇంతకుముందు పంపిన కాగితం తేదీ ఒక వరుసలో రాయడం ఆనవాయితీ, ఆ వరుసను అలాగే ఉంచండి. లోపలి పేరాలో మాత్రం ఇదే పద్ధతి పనికొస్తుంది: ఏ మండలం, ఏ గ్రామం, ఏ సర్వే నంబరు, ఎప్పటి నుంచి ఆగింది, ఏం కావాలి. పెళ్లి పిలుపులను, సంతాపం తెలిపే ఉత్తరాలను ఈ కొలతతో కొలవకండి. అక్కడ పాత మాటలకు ఉన్న బరువు వేరు.

ఇక మీరు బాగా తిరగరాసినా నేయించే పెద్దాయన ఒప్పుకోకపోవచ్చు. 'ఇంత పొట్టిగా రాస్తే ఆమె ఏమనుకుంటుంది?' అంటారు. ఆయనతో వాదించకండి. మొదటి పలకరింపును, చివరి 'విధేయుడు'ను ఆయనకు వదిలేయండి, 'గౌరవనీయులైన సుజాత గారికి' అని పెట్టుకోనివ్వండి. మధ్యలోని సంఖ్య, తేదీ, ప్రశ్న మాత్రం విడిచిపెట్టకండి, అవి మొదటి పేరాలోనే ఉండేలా చూసుకోండి.